ఎమీన్ చేతిలో ఉన్నది ఒకటే జంట

ఇంట్లో మందుల డబ్బా ఉంటే అందులోని స్ట్రిప్పులను ఒకసారి తిప్పి చూడండి. జలుబుకు వాడే సెటిరిజిన్ పక్కన హైడ్రోక్లోరైడ్ అని ఉంటుంది. బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్ పక్కన బెసిలేట్ అని, మెటోప్రొలాల్ పక్కన టార్ట్రేట్ అనో సక్సినేట్ అనో ఉంటుంది. కుంగుబాటుకు డాక్టర్లు రాసే సెర్ట్రలీన్ కూడా హైడ్రోక్లోరైడే. ఈ తోకపేర్లన్నీ ఆమ్లాల నుంచి వచ్చినవి. మందు అణువులో ఎక్కడో ఒక నత్రజని ఉంది, అది ఆమ్లం నుంచి ఒక ప్రోటాన్‌ను తీసుకుని లవణంగా మారింది, ఆ లవణాన్నే మాత్రగా నొక్కారు. ఇదీ వాటి అర్థం. ఇలాంటి నత్రజని ఉన్న పదార్థాలను రసాయన శాస్త్రంలో ఎమీన్లు అంటారు.

అమ్మోనియాలో ఒక నత్రజని, మూడు హైడ్రోజన్లు ఉంటాయి. ఆ హైడ్రోజన్లలో ఒకదాన్ని తీసి అక్కడ కార్బన్ గొలుసు పెడితే ప్రైమరీ ఎమీన్, రెండు తీస్తే సెకండరీ, మూడూ తీస్తే టెర్షియరీ. ఎన్ని తీసినా నత్రజని మీద ఒక ఎలక్ట్రాన్ జంట ఎవరితోనూ బంధం లేకుండా మిగులుతుంది. ఇంటర్ పుస్తకాల్లో దాన్ని ఒంటరి జంట అంటారు. ఎమీన్ చేసే పనులన్నీ ఆ జంటతోనే. దాన్ని ప్రోటాన్‌కు ఇస్తే ఎమీన్ క్షారంగా పనిచేసినట్టు. కార్బన్‌కు ఇచ్చి కొత్త బంధం కట్టుకుంటే న్యూక్లియోఫైల్‌గా పనిచేసినట్టు. ఉన్నది ఒకటే జంట కాబట్టి ఒక సమయంలో ఒక పనే జరుగుతుంది. ప్రోటాన్‌ను పట్టుకున్న ఎమీన్ కార్బన్ జోలికి పోలేదు. ఈ చిన్న సంగతి ఒక మందుల ఫ్యాక్టరీలో ఏటా వందల టన్నుల వ్యర్థానికి ఎలా కారణమైందో, దాన్ని ఎలా వదిలించుకున్నారో చెప్పడమే ఈ వ్యాసం పని. ముందుగా ఆ రెండు గుణాలనూ విడివిడిగా చూద్దాం.

క్షార గుణం మన వంటింట్లోనే కనిపిస్తుంది. చేప చచ్చాక బ్యాక్టీరియా దాని కండలోని ఒక పదార్థాన్ని ట్రైమిథైల్ ఎమీన్‌గా మారుస్తుంది. నీచు వాసనలో పెద్ద వాటా దానిదే. చేపల పులుసులో చింతపండు పడగానే అందులోని టార్టారిక్ ఆమ్లం ఈ ఎమీన్‌కు ప్రోటాన్ ఇస్తుంది. ప్రోటాన్ అందుకున్న ఎమీన్ ధనావేశంతో ఉన్న అయాన్ అవుతుంది, నీటిని వదిలి గాలిలోకి రాలేదు, కాబట్టి ముక్కుకు తగలదు. మెటోప్రొలాల్ టార్ట్రేట్‌లో ఉన్నదీ ఇదే టార్టారిక్ ఆమ్లం.

ఏ ఎమీన్ ఎంత బలమైన క్షారమో చెప్పడానికి రసాయన శాస్త్రవేత్తలు ఒక సంఖ్య వాడతారు. ప్రోటాన్ పట్టుకున్న ఎమీన్ తాలూకు పీకేఏ అది. ఆ సంఖ్య ఎంత పెద్దదైతే ఎమీన్ ప్రోటాన్‌ను అంత గట్టిగా పట్టుకుంటుంది. ఒక్క అంకె పెరిగితే బలం పదింతలు పెరిగినట్టు. అమ్మోనియాకు ఆ సంఖ్య 9.2, మిథైల్ ఎమీన్‌కు 10.6, ఎనిలీన్‌కు 4.6. అంటే ఎనిలీన్ మిథైల్ ఎమీన్ కంటే 10 లక్షల రెట్లు బలహీనమైన క్షారం. రెండింటిలోనూ ఉన్నది NH₂ సమూహమే, కానీ ఎనిలీన్‌లో అది బెంజీన్ వలయానికి అతుక్కుని ఉంది. ఒంటరి జంట వలయంలోకి జరిగి అక్కడి ఎలక్ట్రాన్లతో కలిసిపోతుంది. ప్రోటాన్‌కు ఇవ్వాలంటే ఆ కలయికను వదులుకుని వెనక్కి రావాలి. ఆ వలయానికే ఎదురుగా ఒక నైట్రో సమూహం తగిలిస్తే అది జంటను ఇంకా గట్టిగా లాగుతుంది, సంఖ్య 1 దగ్గరకు పడిపోతుంది.

విద్యార్థులు తరచూ తడబడే చోటు ఇంకొకటి ఉంది. మిథైల్ సమూహాలు ఎలక్ట్రాన్లను నత్రజని వైపు నెడతాయి కనుక అవి పెరిగే కొద్దీ క్షార బలం పెరగాలి కదా అనుకుంటాం. వాయు స్థితిలో కొలిస్తే అలాగే పెరుగుతుంది. నీటిలో మాత్రం ఒక మిథైల్ ఉంటే 10.6, రెండుంటే 10.7, మూడుంటే 9.8. ప్రోటాన్ అందుకున్న అయాన్‌ను నీటి అణువులు చుట్టుముట్టి నిలబెడతాయి, ఆ పట్టు నత్రజని మీద ఉన్న హైడ్రోజన్ల ద్వారా దొరుకుతుంది. మూడు మిథైల్‌లు ఉన్న అయాన్‌లో నీటికి పట్టు దొరికే హైడ్రోజన్ ఒక్కటే. అందుకే అది తేలిగ్గా ప్రోటాన్‌ను వదిలేస్తుంది. క్షార బలం ఎమీన్ ఒక్కదాని సొత్తు కాదు, చుట్టూ ఉన్న ద్రావణికీ అందులో వాటా ఉంది.

ఇక న్యూక్లియోఫైల్ గుణం. క్షార బలం అడిగే ప్రశ్న, సమతాస్థితికి చేరాక ఎంత ఎమీన్ ప్రోటాన్‌ను పట్టుకుని ఉంది అని. న్యూక్లియోఫైల్ గుణం అడిగే ప్రశ్న, కార్బన్ మీద ఎంత వేగంగా దాడి చేస్తుంది అని. ప్రోటాన్ అతి చిన్నది, ఎంత ఇరుకులో ఉన్న జంట అయినా దాన్ని అందుకోగలదు. కార్బన్ అలా కాదు, దాని చుట్టూ మిగతా సమూహాలు ఉంటాయి, కాబట్టి జంట ముందున్న చోటు ఖాళీగా ఉండాలి. ట్రైఇథైల్ ఎమీన్, క్వినుక్లిడిన్ అనే రెండు టెర్షియరీ ఎమీన్లను పోల్చి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. క్షార బలంలో రెండూ దాదాపు సమానం, ఒకటి 10.7, ఇంకొకటి 11. కానీ మిథైల్ అయొడైడ్‌తో కలిపితే క్వినుక్లిడిన్ పదుల రెట్లు వేగంగా స్పందిస్తుంది. దానిలో మూడు కార్బన్ గొలుసులూ వెనక్కి ముడిపడి పంజరంలా ఉంటాయి, జంట బయటికి తెరిచి ఉంటుంది. ట్రైఇథైల్ ఎమీన్‌లో మూడు ఇథైల్‌లు అటూ ఇటూ తిరుగుతూ దారికి అడ్డం వస్తుంటాయి.

ఈ అడ్డాన్నే కావాలని పెంచితే ఏమవుతుంది? 1958లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త జిగ్‌ఫ్రీడ్ హ్యూనిగ్, ఆయన సహచరుడు చేసి చూపించింది అదే. రెండు ఐసోప్రొపైల్ సమూహాలు, ఒక ఇథైల్ సమూహం ఉన్న ఎమీన్ అది. ప్రోటాన్‌ను ఇష్టంగా తీసుకుంటుంది, కార్బన్‌ను మాత్రం దాదాపు తాకదు. మన హైదరాబాదు, విశాఖ ఫార్మా ల్యాబుల్లో డీఐపీఈఏ అని రోజూ వినిపించే సీసా అదే. ఆమ్లాన్ని మింగేయాలి కానీ చర్యలో తలదూర్చకూడదు అన్న చోటల్లా దాన్ని పోస్తారు.

ఇప్పుడు అసలు సమస్యకు వద్దాం. ఒక ప్రైమరీ ఎమీన్ చేతిలో ఉంది, దానికి ఒక్క కార్బన్ గొలుసు తగిలించి సెకండరీ ఎమీన్ చేయాలి. పుస్తకంలో అన్నిటికంటే ముందు కనిపించే దారి ఆల్కైల్ హాలైడ్‌తో వేడి చేయడం. 19వ శతాబ్దం మధ్యలో హాఫ్‌మన్ చూపించిన దారి ఇది. కానీ కావలసిన సెకండరీ ఎమీన్ తయారు కాగానే దాని జంట కూడా అంతే చురుగ్గా, చాలాసార్లు ఇంకా చురుగ్గా ఉంటుంది. అదీ వెళ్లి మిగిలిన హాలైడ్ మీద పడుతుంది, టెర్షియరీ అవుతుంది. అదీ ఆగదు, చివరికి నాలుగు గొలుసులున్న అమోనియం లవణం దాకా పోతుంది. మధ్యలో పుట్టిన హైడ్రోజన్ హాలైడ్ కొంత ఎమీన్‌ను ప్రోటాన్‌తో కట్టేస్తుంది, కాబట్టి మొదటి ఎమీన్‌లో కొంత భాగం చర్యకు దూరంగా అలాగే మిగిలిపోతుంది. చివరికి ఫ్లాస్కులో ఐదు రకాలు కలగాపులగంగా కనిపిస్తాయి. ఒక్కసారి ఇలాంటి మిశ్రమాన్ని కాలమ్ మీద విడదీసినవాళ్లెవరూ రెండోసారి ఆ దారి తొక్కరు.

రిడక్టివ్ ఎమినేషన్ ఈ పరుగుకు గట్టి అడ్డుకట్ట. ఇక్కడ హాలైడ్ బదులు ఆల్డిహైడ్ గానీ కీటోన్ గానీ వాడతాం. ఎమీన్ జంట కార్బొనైల్ కార్బన్ మీద దాడి చేస్తుంది, ఆ తర్వాత నీరు ఒక అణువు బయటికి పోతుంది, కార్బన్‌కూ నత్రజనికీ మధ్య రెండు బంధాలు ఏర్పడతాయి. దాన్నే ఇమీన్ అంటారు. నత్రజని మీద ఒక ధనావేశం ఉంటే ఇమీనియం. దానికి హైడ్రోజన్ చేరిస్తే రెండు బంధాల్లో ఒకటి తెగి మనకు కావలసిన ఎమీన్ వస్తుంది. ఒక ఎమీన్ అణువు, ఒక ఆల్డిహైడ్ అణువు కలిసి ఒకే ఇమీన్ ఇస్తాయి, అక్కడితో లెక్క ఆగుతుంది. హైడ్రోజన్ వాయువు, నికెల్ ఉత్ప్రేరకంతో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త జార్జ్ మిన్యోనాక్ 1921లోనే దీన్ని చూపించాడు.

ఇమీన్ ఏర్పడే దశలోనే ఒంటరి జంట కథ మళ్లీ మొదలవుతుంది. దాడి చేయాలంటే ఎమీన్ స్వేచ్ఛగా ఉండాలి, అంటే ఆమ్లం ఉండకూడదు. నీరు బయటికి పోవాలంటే ఆ OH సమూహానికి ప్రోటాన్ అందాలి, అంటే ఆమ్లం ఉండాలి. రెండూ ఒకే ఫ్లాస్కులో జరగాలి. అందుకే పీహెచ్‌ను మార్చుకుంటూ వేగం కొలిస్తే అది రెండు వైపులా పడిపోయి మధ్యలో ఒక శిఖరం కనిపిస్తుంది. చాలా వాటికి ఆ శిఖరం పీహెచ్ 4, 5 ప్రాంతంలో ఉంటుంది. ఇక్కడ అంకెలు వేసి చూడండి. బ్యూటైల్ ఎమీన్ పీకేఏ 10.6. పీహెచ్ 7 దగ్గర ప్రతి 4 వేల అణువుల్లో ఒక్కటి మాత్రమే స్వేచ్ఛగా ఉంటుంది. పీహెచ్ 5కి దించితే 4 లక్షల్లో ఒకటి. ఎనిలీన్ సంగతి వేరు. దాని పీకేఏ 4.6 కనుక పీహెచ్ 5 దగ్గర కూడా పదింటిలో ఏడు స్వేచ్ఛగా ఉంటాయి. క్షారంగా 10 లక్షల రెట్లు బలహీనమైన ఎనిలీన్, ఆమ్లం ఉన్న ఫ్లాస్కులో ఇమీన్ కట్టే పనికి ఎందుకు ఏ ఇబ్బందీ లేకుండా దిగుతుందో ఈ లెక్కే చెబుతుంది. బలమైన క్షారాలను వాడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం ఇంకొంచెం పోస్తే త్వరగా అయిపోతుందిలే అనుకోవడం నిజంగా ప్రమాదం. ఎమీన్ మొత్తం లవణమై కూర్చుంటుంది.

దీన్ని చిన్న ఫ్లాస్కులో చూద్దాం. బెంజాల్డిహైడ్ 1.06 గ్రాములు, బ్యూటైల్ ఎమీన్ 0.73 గ్రాములు తీసుకుంటే రెండూ 10 మిల్లీమోల్‌లు, అంటే అణువుల సంఖ్య సరిసమానం. 20 మిల్లీలీటర్ల మెథనాల్‌లో కలిపి గది ఉష్ణోగ్రత దగ్గర తిప్పుతూ ఉంచాలి. ఆల్డిహైడ్ చురుకైనది కాబట్టి ఇక్కడ ఆమ్లం అవసరమే లేదు. ఒక రెండు మూడు గంటల తర్వాత చుక్క తీసి ఎన్‌ఎమ్‌ఆర్ చేస్తే, ఆల్డిహైడ్ హైడ్రోజన్ 10 దగ్గర చూపించే గీత పోయి, ఇమీన్ హైడ్రోజన్ 8.3 దగ్గర కొత్త గీత చూపిస్తుంది. 10 దగ్గరి గీత పూర్తిగా పోయేదాకా ఆగడం ఇక్కడ చాలా ముఖ్యం. అది పోయాకే ఫ్లాస్కును మంచులో పెట్టి సోడియం బోరోహైడ్రైడ్ 0.38 గ్రాములు చిటికెడు చిటికెడుగా వేయాలి. మెథనాల్‌తో తాకి హైడ్రోజన్ బుడగలు వస్తాయి, కాబట్టి ఒకేసారి గుమ్మరించకూడదు, దగ్గర్లో మంట ఉండకూడదు.

తొందరపడి బోరోహైడ్రైడ్‌ను ముందే వేస్తే రెండు నష్టాలు. మిగిలిన బెంజాల్డిహైడ్ నేరుగా హైడ్రోజన్ తీసుకుని బెంజైల్ ఆల్కహాల్ అయిపోతుంది. ఇంకా ఆల్డిహైడ్ మిగిలి ఉండగానే తయారైన సెకండరీ ఎమీన్ దాన్ని పట్టుకుని ఇంకో బెంజైల్ తగిలించుకుంటుంది. మాస్ స్పెక్ట్రమ్‌లో మనకు కావలసినది 164 దగ్గర కనిపిస్తుంది, 254 దగ్గర ఇంకో గీత లేచిందంటే రెండు బెంజైల్‌లు ఎక్కినట్టు అర్థం.

చర్య అయ్యాక శుద్ధి చేయడానికి మళ్లీ క్షార గుణమే సాయపడుతుంది. మెథనాల్ తీసేసి, నీళ్లు కలిపి, ఈథర్‌లోకి పదార్థాన్ని లాగుతాం. ఆ ఈథర్‌ను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సెపరేటింగ్ ఫన్నెల్‌లో కలిపితే ఎమీన్ ప్రోటాన్ తీసుకుని నీటి పొరలోకి దిగిపోతుంది, బెంజైల్ ఆల్కహాల్ వంటివి ఈథర్‌లోనే ఉండిపోతాయి. నీటి పొరను విడదీసి సోడియం హైడ్రాక్సైడ్ కలపగానే, తేటగా ఉన్న నీరు ఒక్కసారిగా పాలలా తెల్లబారి నూనె బొట్లు పైకి తేలుతాయి. ప్రోటాన్ పోగొట్టుకున్న ఎమీన్ అది. పూర్తిగా వస్తే 1.63 గ్రాములు రావాలి. ఆమ్లం పోసినప్పుడు ఫన్నెల్ నుంచి ఘాటైన చేదు బాదం వాసన వచ్చిందంటే మాత్రం ఏదో తప్పిందని గ్రహించాలి. హైడ్రోజన్ అందుకోని ఇమీన్ ఇంకా మిగిలి ఉంది, ఆమ్లం దాన్ని తిరిగి బెంజాల్డిహైడ్‌గా విడగొట్టింది. ఆ వాసన బెంజాల్డిహైడ్‌దే. టీఎల్‌సీ పలక మీద కూడా ఎమీన్ గుండ్రని చుక్కగా కాక తోక సాగిన మరకలా కనిపిస్తుంది. సిలికా కొంచెం ఆమ్ల గుణమున్నది కావడమే కారణం. ద్రావణంలో ఒక చుక్క ట్రైఇథైల్ ఎమీన్ వేస్తే మరక చుక్కగా సర్దుకుంటుంది.

ఆల్డిహైడ్, ఎమీన్, హైడ్రోజన్ ఇచ్చే పదార్థం మూడింటినీ ఒకేసారి కలపాలంటే, కార్బొనైల్‌ను వదిలేసి ఇమీనియాన్ని మాత్రమే ముట్టుకునే మెతక కారకం కావాలి. 1971లో అమెరికాలో రిచర్డ్ బోర్చ్ బృందం సోడియం సయనోబోరోహైడ్రైడ్‌తో దాన్ని సాధించింది. బోరాన్ మీద కూర్చున్న సయనో సమూహం ఎలక్ట్రాన్లను లాగి హైడ్రైడ్‌ను మెతకబరుస్తుంది. పీహెచ్ 6, 7 మధ్య అది ధనావేశమున్న ఇమీనియాన్ని వెంటనే తగ్గిస్తుంది, కీటోన్‌ను తాకదు. పీహెచ్ 3, 4కు పడితే కీటోన్‌ను కూడా తినేస్తుంది. ఆమ్లంతో హైడ్రోజన్ సయనైడ్ వచ్చే ప్రమాదం ఉంది, తయారైన మందులో సయనైడ్ జాడలు ఉండకూడదు, అందుకే ఫార్మా వాళ్లు దాని నుంచి దూరం జరిగారు. 1996లో అహ్మద్ అబ్దెల్‌మజీద్ బృందం సోడియం ట్రైఎసిటాక్సీబోరోహైడ్రైడ్‌తో చేసిన విస్తృత అధ్యయనం ప్రచురించింది. ల్యాబుల్లో ఇప్పుడు స్టాబ్ అని పిలిచేది అదే. ఆల్డిహైడ్‌లకు అలాగే వాడొచ్చు, కీటోన్‌లకు ఒక సమానం ఎసిటిక్ ఆమ్లం కలిపితే వేగం పెరుగుతుంది. మెథనాల్‌లో మాత్రం వాడకూడదు, ద్రావణితోనే చర్య జరిపి పాడైపోతుంది.

ఇక ఫ్యాక్టరీకి వద్దాం. సెర్ట్రలీన్‌ను ఫైజర్ తయారుచేసింది, అమెరికాలో 1991 చివర అనుమతి వచ్చింది. దాని అణువులో ఒక సెకండరీ ఎమీన్ ఉంది, నత్రజని మీద మిథైల్ సమూహం. తయారీకి మూలం డైక్లోరోఫినైల్ వలయం అంటించుకున్న టెట్రలోన్ అనే కీటోన్. దానిని మిథైల్ ఎమీన్‌తో కలిపి ఇమీన్ చేసి, హైడ్రోజన్ ఎక్కిస్తారు. చెప్పడానికి అదే రిడక్టివ్ ఎమినేషన్.

చిక్కు ఆ కీటోన్‌లోనే ఉంది. దాని కార్బొనైల్ బెంజీన్ వలయానికి ఆనుకుని, వలయపు ఎలక్ట్రాన్లతో కలిసి సుఖంగా ఉంటుంది. దాడికి సులభంగా లొంగదు, లొంగినా పుట్టిన నీరు ఇమీన్‌ను తిరిగి విడగొడుతుంది. సమతాస్థితి కీటోన్ వైపే మొగ్గుతుంది. అందుకని తొలి పద్ధతిలో టైటానియం టెట్రాక్లోరైడ్ వాడారు. కార్బొనైల్ ఆక్సిజన్‌ను పట్టుకుని దాడికి సిద్ధం చేయడం, పుట్టిన నీటిని మింగేయడం రెండూ అదే చేస్తుంది. మింగి టైటానియం డయాక్సైడ్‌గా మారుతుంది.

అయితే ఆ మింగడంలో ఆమ్లం పుడుతుంది. టైటానియం టెట్రాక్లోరైడ్ ఒక అణువు రెండు నీటి అణువులను పట్టి నాలుగు హైడ్రోజన్ క్లోరైడ్‌లను వదులుతుంది. ఇమీన్ ఒకటి ఏర్పడితే ఒక నీరు పోతుంది, కాబట్టి ప్రతి ఇమీన్‌కూ రెండు హైడ్రోజన్ క్లోరైడ్‌లు. ఆ రెండింటినీ పట్టుకునేది ఎవరు? ఫ్లాస్కులో ఉన్న క్షారం మిథైల్ ఎమీనే. 10.6 పీకేఏ ఉన్న అది ప్రోటాన్‌ను చూస్తే వదలదు. లెక్క తేలేదేమిటంటే ఒక కీటోన్‌కు కనీసం మూడు మిథైల్ ఎమీన్‌లు పోయాలి. ఒకటి న్యూక్లియోఫైల్‌గా ఇమీన్ కట్టడానికి, మిగతా రెండూ క్షారంగా ఆమ్లాన్ని పట్టుకుని లవణంగా చచ్చుబడడానికి. అణువు మీద అణువు లెక్కించినా మూడింట రెండు వంతుల ఎమీన్ తన అసలు పని చేయకుండానే వ్యర్థంలోకి పోతుంది. పైగా టైటానియం డయాక్సైడ్ మెత్తటి బురదలా వడపోతలో అడ్డుపడుతుంది, దాన్ని కడగాలి, దాని చుట్టూ ఉన్న ఆమ్లాన్ని క్షారంతో చల్లార్చాలి. రియాక్టరులో జరిగేది చిన్న చర్య, దాని వెనుక సాగే శుభ్రతా పని అంతకంటే పెద్దది.

ఫైజర్ రసాయన శాస్త్రవేత్తలు తర్వాత కనుగొన్న పద్ధతిలో టైటానియమే లేదు. టెట్రలోన్‌ను, మిథైల్ ఎమీన్‌ను ఇథనాల్‌లో కలిపారు, అంతే. నీటిని తీసేసే పదార్థం లేకుండా సమతాస్థితి ముందుకు ఎలా జరిగింది? టెట్రలోన్ ఇథనాల్‌లో తగినంత కరుగుతుంది, దాని ఇమీన్ మాత్రం చాలా తక్కువగా కరుగుతుంది. ఏర్పడిన ఇమీన్ ఏర్పడినట్టే గడ్డకట్టి అడుగుకు చేరుతుంది. ద్రావణంలో లేని ఇమీన్‌ను నీరు విడగొట్టలేదు, కాబట్టి చర్య మళ్లీ మళ్లీ ముందుకు జరుగుతూ పోతుంది. ఎక్కడా ఆమ్లం పుట్టదు, కాబట్టి మిథైల్ ఎమీన్ స్వేచ్ఛగానే ఉంటుంది. నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే నచ్చేది ఇదే. కొత్త కారకాన్ని కొనలేదు, కరిగే గుణంలోని తేడాను కనిపెట్టి దాన్ని పనికి పెట్టారు.

ఆ ఇమీన్‌ను వేరుచేసి ఆరబెట్టే పనే లేకుండా, అదే ఇథనాల్‌లో ఉంచి హైడ్రోజన్ వాయువు ఎక్కిస్తారు. ఉత్ప్రేరకం కాల్షియం కార్బొనేట్ మీద పరిచిన పల్లేడియం. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పల్లేడియం హైడ్రోజన్‌తో బెంజీన్ వలయం మీది క్లోరిన్‌ను కూడా ఊడబెరకగలదు. క్లోరిన్ ఊడిన అణువు అచ్చం సెర్ట్రలీన్‌లాగే ఉండి మలినంగా వెంట వస్తుంది, తర్వాత విడదీయడం కష్టం. ఉత్ప్రేరకాన్ని ఆ మలినం తగ్గేలా ఎంచుకున్నారు. ఇంకోటి, అణువులో ఒక వైపు పెద్ద డైక్లోరోఫినైల్ వలయం అడ్డంగా ఉంది. హైడ్రోజన్ దానికి ఎదురు వైపు నుంచి వస్తుంది, నత్రజని వలయం ఉన్న వైపుకే తిరుగుతుంది. మందుకు కావలసిన సిస్ ఆకారం అదే.

అయినా సగం పనే అయింది. సిస్ ఆకారంలో అద్దంలో బింబంలాంటి రెండు అణువులు సమానంగా ఉంటాయి, వాటిలో ఒకటే మందు. వాటిని విడదీసే పని మళ్లీ ఎమీన్ క్షార గుణానిదే. డీ-మాండెలిక్ ఆమ్లం అనే ఒకే చేతివాటం ఉన్న ఆమ్లాన్ని అదే ఇథనాల్‌లోకి పోస్తే రెండు ఎమీన్‌లూ ప్రోటాన్ తీసుకుంటాయి. ఒకదాని లవణం స్ఫటికాలుగా రాలుతుంది, రెండోదాని లవణం ద్రావణంలోనే ఉంటుంది. స్ఫటికాలను వడగట్టి, క్షారంతో మాండెలిక్ ఆమ్లాన్ని తీసేసి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో చివరి లవణం చేస్తే స్ట్రిప్పు మీద కనిపించే సెర్ట్రలీన్ హైడ్రోక్లోరైడ్ తయారు. పాత పద్ధతిలో మూడు విడి దశలుగా ఉన్న పని కొత్త పద్ధతిలో మధ్యలో ఆపకుండా ఒకే వరుసలో సాగుతుంది.

ఈ పద్ధతికి పరిమితి కూడా ఉంది. ఇమీన్ కరగకపోవడం ఈ ఒక్క అణువు అదృష్టం. ఇంకో కీటోన్‌కు ఇథనాల్ పనికిరాకపోవచ్చు. అప్పుడు టొలువీన్‌లో మరిగించి నీటిని పక్కకు తీయడం, మాలిక్యులర్ సీవ్‌లు వేయడం, లేదా స్టాబ్ వాడడం వంటి దారులు వెతకాలి. ఏ దారి అయినా ప్రోటాన్‌ల లెక్క ముందే వేసుకోవాలి. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ యూనిట్లలో ఎమీన్‌లతో పనిచేసే కెమిస్టులకు, బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. చర్య మొదలుపెట్టే ముందు కాగితం మీద రెండు వరుసలు రాసుకోండి. మీ ఎమీన్ పీకేఏ ఎంత, మీరు కలిపే పదార్థాల్లో ఎన్ని ప్రోటాన్‌లు పుడతాయి. ఆ రెండూ రాస్తే ఎంత ఎమీన్ చర్యకు మిగులుతుందో అక్కడే తెలిసిపోతుంది.

సెర్ట్రలీన్ కొత్త పద్ధతికి 2002లో అమెరికా ప్రభుత్వపు ప్రెసిడెన్షియల్ గ్రీన్ కెమిస్ట్రీ చాలెంజ్ పురస్కారం వచ్చింది. దిగుబడి రెట్టింపయింది. ఏటా వాడే సుమారు 140 టన్నుల టైటానియం టెట్రాక్లోరైడ్, 100 టన్నుల సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం అవసరం లేకుండా పోయాయి. 150 టన్నుల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 440 టన్నుల టైటానియం డయాక్సైడ్ ఘన వ్యర్థం పుట్టడం ఆగింది. డైక్లోరోమీథేన్, టెట్రాహైడ్రోఫ్యూరాన్, టొలువీన్, హెక్సేన్ అన్న నాలుగు ద్రావణుల స్థానంలో ఇథనాల్ ఒక్కటే వచ్చింది. టన్ను సెర్ట్రలీన్‌కు 60,000 గ్యాలన్ల ద్రావణి పట్టేచోట ఇప్పుడు 6,000 గ్యాలన్లు సరిపోతున్నాయి.